మీ జవాబు పత్రం దొరికేలా అర్జీ రాయండి

ప్రశ్న: మేడం, నమస్తే. నేను బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మూడో సెమిస్టర్ కెమిస్ట్రీలో 80కి 27 వచ్చాయి. 32 వస్తేనే పాస్. మిగతా పేపర్లన్నీ పాసయ్యాను, ఇది కూడా బాగానే రాశాను. రీవాల్యుయేషన్‌కు ఇంకా ఆరు రోజులే గడువు ఉంది. నిన్న రాత్రి నాన్న ఫోన్ నుంచి ఫీజు కడితే డబ్బులు కట్ అయ్యాయి గానీ రసీదు రాలేదు. అర్జీ ఎలా రాయాలో తెలియడం లేదు. అన్యాయం జరిగిందని గట్టిగా రాయమని అన్న అంటున్నాడు. కాళ్ళు మొక్కినట్టు రాయమని నాన్న అంటున్నాడు. ఏం చేయాలి?

సమాధానం:

బిడ్డా, అర్జీ సంగతి తర్వాత. ముందు ఆ డబ్బులు ఎక్కడ ఆగాయో ఈ పొద్దున్నే చూసుకో.

ఫీజు కట్టిన వెబ్‌సైట్‌లోనే పేమెంట్ స్టేటస్ చూసుకునే చోటో, రసీదు మళ్ళీ ప్రింట్ తీసుకునే చోటో సాధారణంగా ఉంటుంది. అక్కడ నీ హాల్‌టికెట్ నంబర్ కొట్టి చూడు. చాలాసార్లు డబ్బులు చేరే ఉంటాయి, మన ఊళ్ళో సిగ్నల్ పోయి రసీదు పేజీ మాత్రమే తెరుచుకోకుండా ఉంటుంది. రసీదు కనిపిస్తే వెంటనే రెండు ప్రింట్లు తీసుకో, ఆ పని అయిపోయినట్టే. కనిపించకపోతే నాన్న ఫోన్‌లో ఆ లావాదేవీ తెరిచి చూడు. అందులో యూటీఆర్ అని 12 అంకెల నంబర్ ఉంటుంది. దాన్ని తేదీతో, టైంతో సహా కాగితం మీద రాసిపెట్టుకో. ఫోన్ పాడైనా, మెసేజ్ పోయినా ఆ నంబర్ ఉంటే బ్యాంకు వాళ్ళు లావాదేవీని వెతికి పట్టుకోగలరు.

ఇక రెండు దారులు. నాన్న ఫోన్‌లో ఫెయిల్ అని ఉంటే ఆ డబ్బులు తిరిగి వస్తాయి, పెండింగ్ అని ఉంటే అవతలికి చేరనైనా చేరతాయి, తిరిగైనా వస్తాయి. యూపీఐలో ఇలా ఒక సంస్థకు కట్టిన డబ్బు ఖాతాలోంచి పోయి అవతలి వైపు ఖరారు కాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు దానంతట అదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే నియమం పెట్టింది. అంతకన్నా ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. కానీ నీకు ఉన్నవే ఆరు రోజులు. డబ్బులు తిరిగొచ్చాకే మళ్ళీ కడదామని కూర్చుంటే గడువు చివరి రోజు మీదికి వస్తుంది. ఆ రోజు జిల్లా అంతా అదే వెబ్‌సైట్ మీద పడుతుంది. అందుకే రేపు సాయంత్రం దాకా చూడు. అప్పటికీ రసీదు రాకపోతే ఎల్లుండి పొద్దున్నే ఎవరి దగ్గరైనా బదులు తీసుకుని మళ్ళీ కట్టెయ్. పాత డబ్బులు వాటి దారిన అవి వస్తాయి.

రెండో దారి కొంచెం చిక్కు. నాన్న ఫోన్‌లో సక్సెస్ అని ఉండి, వెబ్‌సైట్‌లో మాత్రం నీ పేరు మీద ఏమీ లేకపోవచ్చు. అప్పుడు నేరుగా మళ్ళీ కట్టకుండా, యూటీఆర్ నంబరూ, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ రోజు పేజీ ప్రింటూ పట్టుకుని ముందు కాలేజీ ఆఫీసుకు, అక్కడ తేలకపోతే యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్ళు. అక్కడ పనిచేసే వాళ్ళకు ఇది కొత్త సమస్య కాదు. వచ్చిన డబ్బుల లిస్టు వాళ్ళ దగ్గర ఉంటుంది, నీ యూటీఆర్‌ను దాంతో సరిచూస్తారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ ఒక్కటే ఫీజు కట్టినట్టు రుజువు కాదు. అందులో మీ నాన్న పేరు, అవతలి ఖాతా పేరు, ఎంత పోయిందన్నది ఉంటాయి. ఆ డబ్బు ఏ విద్యార్థి కోసం, ఏ పేపర్ కోసం, రీకౌంటింగ్‌కా రీవాల్యుయేషన్‌కా అన్నది ఉండదు. నీ హాల్‌టికెట్ నంబర్, ఏ పని కోసం కట్టావన్నది ఉన్న రసీదే అసలు రుజువు. స్క్రీన్‌షాట్‌ను దానికి తోడుగా పెట్టు. కట్టింది నాన్న ఖాతా నుంచి కాబట్టి ఆ మాట అర్జీలో కూడా ఒక ముక్క రాయాలి. లేకపోతే పేరు కలవలేదని పక్కన పెట్టే అవకాశం ఉంది.

ఇప్పుడు అర్జీ. ఎలా రాయాలో తెలియాలంటే, పరీక్ష అయ్యాక నీ జవాబు పత్రం ఎక్కడెక్కడికి పోతుందో తెలియాలి. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఒక డిగ్రీ కాలేజీలో పరీక్షల పని చూశాను, అందుకే ఇది కొంచెం వివరంగా చెబుతాను.

నువ్వు హాల్లో కూర్చుని మొదటి పేజీలో హాల్‌టికెట్ నంబర్ రాస్తావు, గుండ్రాలు దిద్దుతావు, ఇన్విజిలేటర్ సంతకం పెడతారు. వాల్యుయేషన్‌కు పోయే ముందు ఆ భాగాన్ని వేరు చేస్తారు లేదా కనిపించకుండా చేస్తారు. బుక్‌లెట్ మీద ఇక మిగిలేది ఒక కోడ్ నంబరో, బార్‌కోడో మాత్రమే. పేపర్ దిద్దే లెక్చరర్‌కు ఇది నల్లగొండ అమ్మాయిదో సూర్యాపేట అబ్బాయిదో తెలియదు, తెలియకూడదు కూడా. మార్కులు ఆ కోడ్ మీదే పడతాయి. తర్వాత ఆఫీసులో కోడ్‌ను తిరిగి హాల్‌టికెట్ నంబర్‌తో కలుపుతారు. అప్పుడే ఆ 27 నీ 27 అవుతుంది.

నువ్వు రీవాల్యుయేషన్ అడిగినప్పుడు ఆఫీసు ఇదే దారిలో వెనక్కి నడవాలి. హాల్‌టికెట్ నంబర్, పేపర్ కోడ్, పరీక్ష జరిగిన నెల, సంవత్సరం, ఇవి పట్టుకుని కోడ్ వెతకాలి. కోడ్ పట్టుకుని కట్ట వెతకాలి. కట్టలోంచి నీ బుక్‌లెట్ తీయాలి. ఒక్క అంకె తప్పితే నీ కాగితం దొరకదు. దొరికాక రెండో లెక్చరర్ దగ్గరికి పోయేది ఆ బుక్‌లెట్ ఒక్కటే, అదీ కోడ్‌తోనే. నువ్వు రాసిన అర్జీ దాని వెంట పోదు. మీ అన్న చెప్పినట్టు రాసినా, మీ నాన్న చెప్పినట్టు రాసినా, మార్కులు వేసే మనిషి ఆ కాగితం చూడడు. అర్జీ చదివేది సెక్షన్‌లో కూర్చున్న క్లర్కు, సూపరింటెండెంట్. వాళ్ళ పని నీ బుక్‌లెట్ వెతకడం. వాళ్ళు తేలిగ్గా వెతకగలిగేలా రాస్తే అదే మంచి అర్జీ.

పేపర్ కోడ్ దగ్గర మాత్రం జాగ్రత్త. కెమిస్ట్రీలో థియరీకి ఒక కోడ్, ప్రాక్టికల్‌కు ఇంకో కోడ్ ఉంటాయి. మెమోలో రెండూ పైనా కిందా ఉంటాయి. తొందరలో ప్రాక్టికల్ కోడ్ రాసి, అర్జీ వెనక్కి వచ్చాక లబోదిబోమన్న పిల్లల్ని చూశాను. పరీక్ష రోజు ఇచ్చిన ప్రశ్నపత్రం దాచుకున్నావు కదా? దాని పైన ఉన్న కోడ్‌నూ, హాల్‌టికెట్ మీద ఉన్న కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూసుకుని రాయి. పేరు కూడా హాల్‌టికెట్ మీద ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. ఇంట్లో పిలిచే పేరు, ఇంటిపేరు ముందుకో వెనక్కో పెట్టి రాయడం వద్దు.

ఇంకోటి తేల్చుకోవాలి. నీకు కావాల్సింది రీవాల్యుయేషనా, రీకౌంటింగా? చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. రీకౌంటింగ్‌లో ఎవరూ నీ జవాబు మళ్ళీ చదవరు. వేసిన మార్కులన్నీ కూడికలోకి వచ్చాయా, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారా, లోపలి మార్కు మొదటి పేజీ పట్టీలోకి ఎక్కిందా అన్నది మాత్రమే చూస్తారు. రీవాల్యుయేషన్‌లో ఇంకో లెక్చరర్ మొదటి నుంచి చదివి మార్కులు వేస్తారు. ఫీజులు వేరువేరు, నోటిఫికేషన్‌లో పేపర్‌కు ఇంత అని ఉంటుంది. జవాబు పత్రం జిరాక్స్ ఇచ్చే సౌకర్యం కూడా అందులో ఉందేమో చూడు. ఉండి, గడువు లోపల చేతికి వచ్చేలా ఉంటే ముందు అదే తీసుకోమంటాను, ఎందుకో చెబుతాను.

మా దగ్గర చదివిన ఒక అమ్మాయికి ఇలాగే ఒక సైన్స్ పేపర్‌లో 80కి 26 వచ్చాయి. ఏడుస్తూ వచ్చింది. జిరాక్స్ కాపీ తెప్పించి ఇద్దరం టేబుల్ మీద పరుచుకుని కూర్చున్నాం. మొదటి భాగంలో నాలుగు మార్కుల ప్రశ్నలు ఎనిమిది. వాటికి వరసగా 2, 1, 2, 3, 2, 1, 2, 1 పడ్డాయి. కూడితే 14. రెండో భాగంలో పన్నెండు మార్కుల ప్రశ్నలు నాలుగు. తొమ్మిదో ప్రశ్నకు 5, పదకొండుకు 4, పన్నెండుకు 3. కూడితే 12. మొత్తం 26, మెమోలో ఉన్నదీ అదే. మరి పదో ప్రశ్న ఏమైంది? లోపల పేజీలు తిప్పితే మూడు పేజీల జవాబు ఉంది, చివర మార్జిన్‌లో ఎర్ర సిరాతో 7 అని ఉంది, దాని చుట్టూ చిన్న గుండ్రం గీసి ఉంది. మొదటి పేజీ పట్టీలో మాత్రం పదో గడి ఖాళీ. 26కు 7 కలిపితే 33. ఆ అమ్మాయి పాసే. ఆ పేపర్‌కు రీకౌంటింగ్ చాలు. దానికే పెట్టించాను, మార్కులు మారి వచ్చాయి.

కాపీ చేతికి వస్తే నువ్వూ ఇలాగే చెయ్. మొదటి పేజీ పట్టీ ముందు పెట్టుకుని, లోపల ఒక్కో జవాబు పక్కన ఉన్న మార్కును వేలు పెట్టి దాంతో పోల్చు. అడిషనల్ షీట్ కట్టి ఉంటే దాని చివరి పేజీ దాకా చూడు, మార్కు తప్పిపోయేది ఎక్కువగా అక్కడే. ఏ జవాబు పక్కనా గీతగానీ మార్కుగానీ లేకపోతే అది దిద్దలేదని అర్థం, సున్నా వేస్తే సున్నా అని రాసి ఉంటుంది. కూడికలో తేడా కనిపిస్తే రీకౌంటింగ్. అన్నీ సరిగ్గా ఉండి, మంచి జవాబుకు మార్కు తక్కువ పడిందని నీ లెక్చరర్ కూడా చూసి చెబితే రీవాల్యుయేషన్. మీ కెమిస్ట్రీ సార్‌కో మేడంకో చూపించకుండా నీ అంతట నువ్వే బాగా రాశాననుకుని వెళ్ళకు. వాళ్ళు పది నిమిషాలు చూస్తే చాలు, ఐదు మార్కులు పెరిగే పేపరా కాదా అన్నది చెప్పేస్తారు. కాపీ వచ్చే టైం లేకపోతే మాత్రం, నీకు తక్కువైనవి ఐదే కాబట్టి, ఈ గడువు లోపల రీవాల్యుయేషన్‌కే పెట్టు. మార్కులు మారిస్తే ఏ మార్కు లెక్కలోకి వస్తుంది, తగ్గితే తగ్గిందే ఉంచుతారా, తేడా ఎక్కువైతే మూడో వాల్యుయేషన్ ఉందా అన్నవి ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో రకంగా ఉంటాయి. నోటిఫికేషన్ చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవకుండా సంతకం పెట్టకు.

ఇప్పుడు మీ అన్నకూ నాన్నకూ ఇద్దరికీ చెబుతున్నాను. అన్యాయం జరిగింది, సరిగా దిద్దలేదు అని రాస్తే అది ఫిర్యాదు అవుతుంది. ఫిర్యాదుకు రుజువు కావాలి, విచారణ కావాలి, అది వేరే ఫైలు. నీ దగ్గర రుజువేమీ లేదు, నీకు కావాల్సింది ఆరు రోజుల్లో ఒక బుక్‌లెట్ మళ్ళీ దిద్దించడం. ఇక కాళ్ళు మొక్కడం. బిడ్డా, మన నల్లగొండ జిల్లాలో 1946 నుంచి 1951 దాకా మన తాతలు సాయుధ పోరాటం చేసింది 'బాంచన్, కాల్మొక్త' అనే మాట నోటి నుంచి పోవాలనే. నువ్వు ఫీజు కట్టి, నియమం ప్రకారం ఉన్న ఒక సౌకర్యాన్ని అడుగుతున్నావు. 'గౌరవనీయులైన', 'మనవి', 'కోరుతున్నాను' ఈ మూడు మాటలు ఉంటే మర్యాద నిండుగా ఉన్నట్టే. 'దయతో నన్ను పాస్ చేయగలరు' అని మాత్రం ఎప్పుడూ రాయకు. పాస్ చేయమని అడగడం మర్యాద కాదు, అది ఆ అధికారి చేయకూడని పని. మళ్ళీ దిద్దమని అడగాలి, అంతే. ఇంట్లో ఇబ్బందులు, నాన్న కూలి పని, పెళ్ళి సంబంధాలు, ఇవేవీ ఆ కాగితంలో వద్దు.

ఫారం ఇంగ్లీష్‌లో ఉంటే పెద్ద అక్షరాల్లో నింపు. దానితో పెట్టే ఉత్తరం తెలుగులో రాయొచ్చు. ఇలా రాయి:

తేదీ: ……

పరీక్షల నియంత్రణ అధికారి గారికి,
(యూనివర్సిటీ పేరు, ఊరు)

ద్వారా: ప్రిన్సిపాల్ గారు, (కాలేజీ పేరు, ఊరు, కాలేజీ కోడ్)

విషయం: బీఎస్సీ మూడో సెమిస్టర్ కెమిస్ట్రీ థియరీ జవాబు పత్రం రీవాల్యుయేషన్ కోసం మనవి. హాల్‌టికెట్ నంబర్ ……

గౌరవనీయులైన అధికారి గారికి,

నేను పై కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం రెగ్యులర్ విద్యార్థినిని. …… నెల, …… సంవత్సరంలో జరిగిన మూడో సెమిస్టర్ పరీక్షలకు పై హాల్‌టికెట్ నంబర్‌తో హాజరయ్యాను. …… తేదీన వచ్చిన ఫలితాల్లో కెమిస్ట్రీ థియరీ (పేపర్ కోడ్ ……) లో నాకు 80కి 27 మార్కులు వచ్చాయి. మీ నోటిఫికేషన్ నంబర్ ……, తేదీ …… ప్రకారం ఈ ఒక్క పేపర్‌కు రీవాల్యుయేషన్ చేయించవలసిందిగా మనవి చేస్తున్నాను.

దీనికి రుసుము …… రూపాయలు …… తేదీన ఆన్‌లైన్‌లో మా నాన్నగారి ఖాతా నుంచి చెల్లించాను. రసీదు నంబర్ ……, యూటీఆర్ నంబర్ ……. హాల్‌టికెట్, మార్కుల మెమో, ఫీజు రసీదు ప్రతులు జతపరుస్తున్నాను.

నా మనవిని పరిశీలించి తగిన చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
(సంతకం, హాల్‌టికెట్ ప్రకారం పేరు, ఫోన్ నంబర్)

అంతే, ఒక్క పేజీ దాటకూడదు. హాల్‌టికెట్ నంబర్‌ను 'విషయం' వరసలోనే పెట్టమన్నది ఊరికే కాదు. టపా విప్పే మనిషి ఉత్తరం అంతా చదవడు, ఆ వరస చూసి రిజిస్టర్‌లో ఎక్కించి సెక్షన్‌కు పంపుతాడు. జతపరిచిన ప్రతి కాగితం మీదా, పై మూలన, పెన్నుతో నీ హాల్‌టికెట్ నంబర్ రాయి. పిన్ను ఊడి రసీదు వేరే ఫైల్లో పడ్డా అది మళ్ళీ నీ దగ్గరికే చేరుతుంది. ఒరిజినల్ మెమో మాత్రం ఇవ్వకు, జిరాక్స్ చాలు.

ఎక్కడ ఇవ్వాలన్నది నోటిఫికేషన్ చెబుతుంది. కొన్నిసార్లు ఆన్‌లైన్‌లో పెడితే చాలు, కొన్నిసార్లు కాలేజీ ద్వారానే పోవాలి. కాలేజీ ద్వారా అయితే అసలు ప్రమాదం కాలేజీలోనే ఉంది. నువ్వు నాలుగో రోజు ఇస్తావు, వాళ్ళు అందరివీ కలిపి లిస్టు చేసి పంపేసరికి ఎనిమిదో రోజు అవుతుంది. అందుకే ఇచ్చేటప్పుడు నీ రెండో కాపీ మీద తేదీ, సంతకం, ఆఫీసు ముద్ర వేయించుకో. "యూనివర్సిటీకి ఎప్పుడు పంపుతున్నారు సార్?" అని అడిగి, ఆ తేదీ తర్వాతి రోజు వెళ్ళి నీ పేరు లిస్టులో ఉందో లేదో కళ్ళతో చూసుకో. మొహమాటం పడొద్దు. నేను ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు, అలా వచ్చి అడిగిన పిల్లల వల్లనే లిస్టులో తప్పిన పేర్లు దొరికాయి.

గడువు మరీ దగ్గర పడితే నేరుగా వెళ్ళి ఇవ్వడం మంచిది. నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి వైపు కాలేజీలు మహాత్మా గాంధీ యూనివర్సిటీ కింద ఉంటాయి కాబట్టి అన్నెపర్తి దగ్గర క్యాంపస్‌కు, పాలమూరు వైపు పిల్లలైతే మహబూబ్‌నగర్ బండమీదిపల్లి దగ్గర పాలమూరు యూనివర్సిటీకి. పొద్దున పదిన్నరకల్లా అక్కడ ఉండేలా బయల్దేరు, మధ్యాహ్నం భోజనం టైం తర్వాత వెళ్తే ఆ రోజు పని ఆ రోజు అవుతుందన్న నమ్మకం ఉండదు. నీ అర్జీని రిజిస్టర్‌లో ఎక్కించిన ఇన్‌వర్డ్ నంబర్ రాయించుకోకుండా వెనక్కి రావద్దు. తర్వాత ఫోన్ చేసినా, ఉత్తరం రాసినా ఆ నంబరే అడుగుతారు.

చాలామంది పిల్లలు దెబ్బతినేది ఇంకో చోట ఉంది. రీవాల్యుయేషన్ ఫలితం ఎప్పుడొస్తుందో ఎవరూ తేదీ చెప్పరు. అది రాకముందే మూడో సెమిస్టర్ బ్యాక్‌లాగ్ పరీక్షకు ఫీజు గడువు వచ్చిందనుకో. ఎలాగూ రీవాల్యుయేషన్‌లో పాసవుతానని కట్టకుండా ఊరుకున్న వాళ్ళకు తర్వాత 'మార్పు లేదు' అని వస్తే పరీక్ష రాసే అవకాశమూ పోతుంది, ఆర్నెల్లో సంవత్సరమో ఆగాలి. నువ్వు ఆ ఫీజు కూడా కట్టు. కెమిస్ట్రీ పుస్తకం మూసేయకు. రెండుసార్లు డబ్బులు పోతున్నాయని నాన్నకు అనిపించవచ్చు, నేను రాసిన ఈ సమాధానం ఆయనకు చదివి వినిపించు. ఒక పేపర్ ఫీజు పోవడం కన్నా ఒక ఏడాది పోవడం పెద్ద నష్టం.

నోటిఫికేషన్‌లో జిరాక్స్ సౌకర్యం లేకపోయినా నీ జవాబు పత్రం చూసుకునే హక్కు నీకుంది. పరీక్ష రాసిన వాళ్ళు సమాచార హక్కు చట్టం కింద తమ దిద్దిన జవాబు పత్రాన్ని చూడొచ్చు, కాపీ తీసుకోవచ్చు అని సుప్రీంకోర్టు 2011 ఆగస్టు 9న తీర్పు చెప్పింది. యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి, 10 రూపాయల రుసుముతో, హాల్‌టికెట్ నంబర్, పేపర్ కోడ్ రాసి "నా జవాబు పత్రం ధ్రువీకరించిన ప్రతి ఇవ్వగలరు" అని అడిగితే చాలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాపీలకు పేజీకి 2 రూపాయల లెక్కన అడుగుతారు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబమైతే ఆ రుజువు జతపరిస్తే రుసుము కూడా ఉండదు. దిద్దిన లెక్చరర్ పేరు మాత్రం అడగకు, అది ఇవ్వనక్కర లేదని అదే తీర్పులో ఉంది.

అయితే ఈ దారికి ఉన్న హద్దు తెలుసుకో. ఆ చట్టం నీకు కాగితం ఇప్పిస్తుంది గానీ మళ్ళీ దిద్దించదు. రీవాల్యుయేషన్ అనేది యూనివర్సిటీ నియమాల్లో ఉంటేనే ఉన్నట్టు, ఆ నియమంలో ఉన్న గడువు లోపలే అడగాలి. నియమంలో లేని రీవాల్యుయేషన్‌ను హక్కుగా కోరలేమని సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. ముప్పై రోజులకు కాపీ వచ్చేసరికి నీ ఆరు రోజులు ఎప్పుడో గడిచిపోతాయి. కాబట్టి దాని కోసం దీన్ని ఆపొద్దు. ఈ వారం రీవాల్యుయేషన్ అర్జీ వేసెయ్, కావాలనుకుంటే అదే రోజు సమాచార హక్కు దరఖాస్తు వేరుగా పోస్టులో వెయ్. రెండూ ఒకే కాగితం మీద రాయకు, అవి వేరువేరు అధికారులకు పోతాయి. ఆలస్యం కూడా చేయకు, జవాబు పత్రాలను కొంతకాలమే ఉంచి తర్వాత తీసేస్తారు.

రేపు ఫలితంలో మార్కులు మారితే వెబ్‌సైట్‌లో చూసుకుని సంబరపడి ఊరుకోవద్దు. పాత మెమో, రీవాల్యుయేషన్ ఫలితం ప్రింటు పట్టుకుని కాలేజీ ఆఫీసుకు వెళ్ళి సరిచేసిన మెమో ఎప్పుడిస్తారో అడుగు. మూడో సంవత్సరం అయ్యాక పీజీ కౌన్సెలింగ్ రోజు పాత మెమోలో 27 కనిపించి కంగారు పడిన పిల్లలున్నారు. సరిచేసిన మెమో చేతికి వచ్చేదాకా ఆ ఫీజు రసీదు, ముద్ర వేయించుకున్న రెండో కాపీ, ఇన్‌వర్డ్ నంబర్ రాసిన చీటీ ఒకే కవర్లో పెట్టి ఇంట్లో పట్టా కాగితాలు ఎక్కడ దాస్తారో అక్కడ దాయి.